రెండు రోజుల సెలవుకి రెండుసార్లు కోత

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఆఫర్ లెటర్‌లో నెలకి గ్రాస్ 26,000 అని ఉంది. జూన్‌లో ఒక్క రోజు కూడా మానలేదు. అయినా స్లిప్పులో గ్రాస్ 24,050 అనే వచ్చింది. బేసిక్ 12,500, డీఏ 2,500, హెచ్‌ఆర్‌ఏ 6,000, కన్వేయన్స్ 1,600, స్పెషల్ అలవెన్స్ 1,450. జూలైలో మా ఇంట్లో నాట్లకని రెండు రోజులు జీతం లేని సెలవు పెట్టాను. ఆ నెల ఇవే పద్దులు వరసగా 11,694, 2,339, 5,613, 1,497, 1,356 అని, మొత్తం 22,499 అని ఉన్నాయి. కోతల్లో పీఎఫ్ 1,684, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, బస్సు 600, సంక్రాంతి అడ్వాన్సు 1,000, ఎల్‌ఓపీ 1,552. చేతికి 17,463 వచ్చింది. అడ్వాన్సు 6,000 తీసుకుంటే ఫిబ్రవరి జీతం నుంచి కోస్తున్నారు. ఆఫీసులో అడిగితే ‘కంప్యూటర్ వేసింది, తప్పు ఉండదు’ అంటున్నారు. కూడి చూస్తే కూడిక సరిగానే ఉంది. కానీ ఏదో తేడాగా ఉందని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూసుకోవాలి?
— ఒక సోదరి, పాలకొల్లు

సమాధానం: అమ్మా, మీ అనుమానం నిజమే. జూలైలో మీకు 1,552 రూపాయలు తక్కువ ఇచ్చారు. కూడిక సరిపోయిందని మీరే రాశారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. జీతం స్లిప్పులో కూడికలు, తీసివేతలు ఎప్పుడూ సరిపోతాయి. ఆ పని యంత్రానిదే. 22,499 లోంచి 5,036 పోతే 17,463. ఇందులో యంత్రం తప్పు చేయదు. తప్పు జరిగేది ఒక అంకెను ఆ గడిలో పెట్టే చోట. కాబట్టి మొత్తం సరిపోయిందా అని కాకుండా, ప్రతి అంకె దేనిమీద పుట్టిందో వెనక్కి వెళ్లి చూడాలి. ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్, జూన్ స్లిప్పు, జూలై స్లిప్పు, ఆఫర్ లెటర్ దగ్గర పెట్టుకోండి.

జూలైని కాసేపు పక్కన పెట్టి జూన్‌తో మొదలుపెడదాం. సెలవు లేని నెల దొరికితే ఎప్పుడూ దాంతోనే మొదలుపెట్టాలి. అందులో రోజుల లెక్క ఉండదు కాబట్టి పద్దుల అసలు మొత్తాలు కళ్లకి కనిపిస్తాయి. ఆఫర్ లెటర్ 26,000 లోంచి జూన్ గ్రాస్ 24,050 తీసేస్తే 1,950 మిగిలింది. ఈ 1,950 ఎక్కడికి పోయిందన్నది మీ మొదటి చిక్కు. దీనికీ సెలవుకీ సంబంధం లేదు.

మీ బేసిక్, డీఏ కలిపితే 15,000. దానిమీద 13 శాతం వేసి చూడండి, సరిగ్గా 1,950 వస్తుంది. పీఎఫ్ కింద కంపెనీ తన వంతుగా 12 శాతం కడుతుంది. అది కాక ఉద్యోగుల డిపాజిట్ బీమాకి 0.5 శాతం, పీఎఫ్ ఆఫీసు నిర్వహణ ఖర్చుకి 0.5 శాతం కడుతుంది. ఈ మూడూ కలిసి 13. అంటే మీ ఆఫర్ లెటర్‌లో గ్రాస్ అని రాసిన 26,000 నిజానికి గ్రాస్ కాదు, మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. దాన్నే సీటీసీ అంటారు. మీకు లెక్కలోకి వచ్చే గ్రాస్ 24,050. చాలా కంపెనీలు ఈ రెండింటినీ కలిపేసి చెప్తాయి. చేరేటప్పుడు పెద్ద అంకె చెప్తే బాగుంటుందని అలా రాస్తారు. నాకిది నచ్చదు. పెళ్లి సంబంధాలప్పుడు, బ్యాంకు లోనుకి వెళ్లినప్పుడు మనిషి ఆ అంకె నమ్ముకుని లెక్కలు వేసుకుంటాడు.

ఇది మోసమా కాదా అన్నది ఆఫర్ లెటర్ వెనక జత చేసిన కాగితంలో తేలుతుంది. సాధారణంగా అక్కడ పద్దుల వారీగా పట్టిక ఉంటుంది. అందులో చివర్న ‘ఎంప్లాయర్ పీఎఫ్’ అని 1,950 ఉంటే, మీరు ఒప్పుకున్న ఏర్పాటులో అది భాగమే. పేరు మాత్రం తప్పుగా రాశారు. అలా కాకుండా అలవెన్సులన్నీ కలిపి 26,000 అని చూపించి, నెలనెలా 24,050 మాత్రమే లెక్కకడుతుంటే సంగతి వేరు. కంపెనీ వాటా పీఎఫ్‌ని ఉద్యోగి జీతంలోంచి తీసుకోకూడదని 1952 నాటి పీఎఫ్ పథకంలోనే ఉంది. అప్పుడు మీరు నెలకి 1,950 చొప్పున అడగవచ్చు. మీరు ఆ పట్టిక గురించి రాయలేదు కాబట్టి వెతికి చూడండి.

స్లిప్పులో ఇంకో రకం కూడా కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు కంపెనీ వాటా పీఎఫ్‌ని ఎడమవైపు ఆదాయంలో చూపించి, కుడివైపు కోతల్లో మళ్లీ తీసేస్తాయి. ఎడమన పెట్టింది కుడిన పోతుంది కాబట్టి చేతికొచ్చే డబ్బు మారదు, గ్రాస్ మాత్రం పెద్దగా కనిపిస్తుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. కుడివైపు ఉండి ఎడమవైపు లేకపోతే మాత్రం ఆ డబ్బు మీ జేబులోంచే పోతోంది. మీ స్లిప్పులో ఈ బాధ లేదు.

ఈ 1,950 నిజంగా పీఎఫ్‌కే వెళ్తోందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోవచ్చు. ఉమంగ్ యాప్‌లో గానీ, పీఎఫ్ సభ్యుల సైట్‌లో గానీ యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ తెరవండి. జూన్ జీతానికి మూడు గడులు చూడాలి. ఉద్యోగి వాటా 1,800 ఉండాలి. కంపెనీ వాటా 550, పింఛను 1,250 ఉండాలి. కంపెనీ కట్టే 12 శాతంలోంచి 8.33 శాతం పింఛను ఖాతాకి పోతుంది. 15,000 మీద అది 1,250. మిగిలింది 550. ఈ రెండూ కలిపి 1,800. మిగతా 150 బీమాకి, నిర్వహణకి పోతుంది, అది పాస్‌బుక్‌లో కనబడదు. పాస్‌బుక్‌లో 1,800 కనపడి, ఆఫర్ లెటర్‌లో 1,950 ఉందని చాలామంది నూట యాభై ఏమైందని అడుగుతారు. అది ఇదే.

ఇక జూలైకి వద్దాం. అన్నిటికంటే తొందరగా తేలే పరీక్ష, రెండు నెలలు చేతికొచ్చిన డబ్బుని పక్కపక్కన పెట్టడం. జూన్‌లో 24,050 లోంచి పీఎఫ్ 1,800, ట్యాక్స్ 200, బస్సు 600, అడ్వాన్సు 1,000 పోతే 20,450. మీ జూన్ స్లిప్పులో నెట్ ఇదే ఉందేమో చూడండి. జూలైలో వచ్చింది 17,463. తేడా 2,987. రెండు రోజులు మానినందుకు దాదాపు మూడు వేలు తగ్గింది. మీ ఒక రోజు జీతం ఎంత? 24,050ని 31తో భాగిస్తే 775 రూపాయల 81 పైసలు. రెండు రోజులకి 1,552. పైగా జీతం తగ్గితే పీఎఫ్ కోత కూడా కొంచెం తగ్గుతుంది, అంటే నెట్ అంతకన్నా తక్కువే పడిపోవాలి. ఇక్కడ దాదాపు రెట్టింపు పడిపోయింది. ఏ గడిలో తప్పుందో ఇంకా తెలియకపోయినా, తప్పుందని మాత్రం ఇక్కడికే తెలిసిపోయింది.

గడి పట్టుకోవడానికి ఎడమవైపు పద్దుల్ని ఒక్కొక్కటే చూద్దాం. జూలై బేసిక్ 11,694ని జూన్ బేసిక్ 12,500తో భాగించండి. 0.9355 వస్తుంది. డీఏ, హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్, స్పెషల్ అలవెన్సులకి కూడా ఇలాగే చేయండి. చివరి అంకె అటూ ఇటూగా అన్నిటికీ అదే వస్తుంది. 29ని 31తో భాగించినా అదే 0.9355. అంటే ఎడమవైపు ప్రతి పద్దునూ 31 రోజుల నెలలో 29 రోజులకే లెక్కకట్టారు. మీ రెండు రోజులు అక్కడే పోయాయి. అన్ని పద్దులకీ ఒకే నిష్పత్తి రావాలన్నది గుర్తుపెట్టుకోండి. ఏదైనా ఒక్క పద్దు వేరే నిష్పత్తి చూపిస్తే ఆ ఒక్కదాన్నే ఎక్కువ కోశారని అర్థం. కన్వేయన్స్, షిఫ్టు అలవెన్సుల దగ్గర ఇలా జరగడం చూశాను.

ఇక్కడ ఒక్క రూపాయి తేడా మీకు కనిపించవచ్చు. 24,050ని 29తో గుణించి 31తో భాగిస్తే 22,498 వస్తుంది, స్లిప్పులో 22,499 ఉంది. ప్రతి పద్దునీ విడిగా పూర్తి రూపాయికి సవరించి, తర్వాత కూడడం వల్ల వచ్చే తేడా అది. రూపాయి, రెండు రూపాయల తేడా తప్పు కాదు. దాని గురించి ఆఫీసులో మాట్లాడకండి, అసలు విషయం పక్కకి పోతుంది.

ఇప్పుడు కుడివైపు ఎల్‌ఓపీ 1,552 చూడండి. ఎల్‌ఓపీ అంటే జీతం లేని సెలవుకి కోత. 24,050 ఇంటూ రెండు, బై ముప్పై ఒకటి. అవే రెండు రోజులు. ఎడమవైపు ఒకసారి తగ్గించేసిన జీతంలోంచి కుడివైపు మళ్లీ తీశారు. కళ్లంలో కాటా దగ్గర బస్తాకి తరుగు తీసేసి, అవే బస్తాలకి మిల్లు దగ్గర మళ్లీ తరుగు తీస్తే రైతు ఎంత నష్టపోతాడో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఇది అదే.

సెలవు కోతని చూపించే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, ఎడమవైపు వచ్చిన రోజులకే జీతం లెక్కకట్టి, కుడివైపు ఎల్‌ఓపీ అనే పద్దే లేకుండా ఉంచడం. రెండోది, ఎడమవైపు పూర్తి 24,050 చూపించి, కుడివైపు 1,552 కోయడం. రెండూ సరైనవే, ఏదో ఒకటే ఉండాలి. మీ స్లిప్పులో రెండూ ఉన్నాయి. కాబట్టి ఇక నుంచి ఎవరి స్లిప్పులోనైనా కోతల్లో ఎల్‌ఓపీ కనిపిస్తే, వెంటనే ఎడమవైపు బేసిక్ చూడండి. అది పూర్తిగా ఉంటే ఫర్వాలేదు. తగ్గి ఉంటే రెండుసార్లు పోయినట్టే.

ఇది ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. నేను ముప్పై ఏళ్లు ఒక మిల్లులో అకౌంట్స్ చూశాను. చేత్తో రాసే జీతాల రిజిస్టరు నుంచి కంప్యూటర్‌కి మారిన ఏడాది మా దగ్గర అచ్చం ఇదే జరిగింది. హాజరు పట్టీ నుంచి వచ్చిన రోజుల సంఖ్యని కంప్యూటర్ తీసుకుని జీతం తగ్గించేది. పాత అలవాటు ప్రకారం గుమాస్తా సెలవు కోతని విడిగా కోతల గడిలో కూడా ఎక్కించేవాడు. ఇద్దరి పనీ విడివిడిగా సరైనదే. మూడు నెలలు ఎవరికీ తెలియలేదు. కాయితం మీద కూడిక సరిపోతుంది కదా! వేబ్రిడ్జి దగ్గర పనిచేసే ఒకాయన, చదువు పెద్దగా లేనాయన, ‘పోయిన నెల ఒక రోజు మానితే ఇంత తగ్గింది, ఇప్పుడు ఒక రోజుకే ఇంత ఎందుకు తగ్గింది’ అని రెండు స్లిప్పులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పుడు బయటపడింది. మొత్తం అందరి స్లిప్పులూ తిరగేసి, కోసిన డబ్బు వెనక్కిచ్చేసరికి నెల పట్టింది. తప్పు మాదే. అందుకే ‘కంప్యూటర్ వేసింది’ అన్న జవాబు మీకిచ్చారని చదివినప్పుడు బాధ కలిగింది.

కంపెనీ చెప్పగలిగే జవాబులు కూడా ముందే ఆలోచించుకుని వెళ్లాలి. ఒకటి, రోజుల భాజకం. కొన్ని చోట్ల నెలని 31 లేదా 30 రోజులుగా కాకుండా, ఆదివారాలు పోను 26 పనిదినాలుగా లెక్కిస్తారు. అలా అయితే మీ రోజు జీతం 925 అవుతుంది, రెండు రోజులకి 1,850. ఏ భాజకం వాడాలన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో, కంపెనీ నిబంధనల్లోనో ఉంటుంది. కానీ ఏ భాజకంతోనూ మీ కోత సమర్థించుకోలేరు. మీకు ఎడమవైపు 1,551, కుడివైపు 1,552, మొత్తం 3,103 పోయింది. రోజుకి 1,551 పైచిలుకు. అంత రోజుకూలీ రావాలంటే నెలకి పదిహేనున్నర రోజులే ఉండాలి. 31లో సరిగ్గా సగం. రెండుసార్లు కోశారనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. భాజకం గురించి ఒక్క మాట, మీకు కాకపోయినా చదివే మిగతావాళ్లకి. సెలవు కోసేటప్పుడు 26తో భాగించి, మిగిలిపోయిన సెలవులకి డబ్బు ఇచ్చేటప్పుడు 30తో భాగించే చోట్లు ఉన్నాయి. కోతకి ఏ భాజకమైతే చెల్లింపుకీ అదే ఉండాలని అడగండి.

రెండో జవాబు, ‘ఇది పాత నెల సెలవు కోత’ అనడం. ఇది నిజంగా జరగవచ్చు. చాలా కంపెనీలు నెల 25 దాకా హాజరు చూసి జీతం వేసేస్తాయి. ఆ తర్వాత మానిన రోజులు వచ్చే నెల జీతంలో కోస్తాయి. కానీ మీరు జూన్‌లో మానలేదు. ఒకవేళ మానారని వాళ్లన్నా, జూన్‌కి 30 రోజులు కాబట్టి రెండు రోజుల కోత 1,603 రావాలి, 1,552 రాదు. అయితే మే నెలకి కూడా 31 రోజులే. మే చివర్లో రెండు రోజులు మానారేమో ఒక్కసారి గుర్తుచేసుకోండి, మే, జూన్ స్లిప్పుల్లో రోజులు చూసుకోండి. అక్కడ ఏమీ లేకపోతే మీ మాటకి తిరుగులేదు.

మూడోది, సెలవుల మధ్య ఆదివారం. మీరు శనివారం, సోమవారం మాని ఉంటే కొన్ని కంపెనీల నిబంధనల ప్రకారం మధ్యలో ఆదివారాన్ని కూడా సెలవుగా కడతారు. అప్పుడు మూడు రోజులవుతుంది. కానీ స్లిప్పులో ఎడమవైపు నిష్పత్తి 28 రోజులు చూపించాలి. మీది 29 చూపిస్తోంది. స్లిప్పు పైన ‘పెయిడ్ డేస్’ అనే గడి ఉంటే అందులో కూడా 29 ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మిగతా కోతలు. పీఎఫ్ 1,684ని 0.12తో భాగించండి, 14,033 వస్తుంది. జూలై బేసిక్ 11,694, డీఏ 2,339 కలిపితే సరిగ్గా అదే. ఏ శాతం కోతనైనా ఇలా తిరగేసి భాగిస్తే, ఏ మొత్తం మీద కోశారో బయటికి వస్తుంది. ఆ మొత్తం స్లిప్పులో ఎక్కడో ఒకచోట ఉండాలి. లేకపోతే అడగాలి. మీకు డీఏ వదిలేసి బేసిక్ మీదే కోసుంటే 1,403 వచ్చేది. చేతికి రెండు వందల ఎనభై ఒకటి ఎక్కువ వచ్చినట్టుంటుంది గానీ, కంపెనీ కట్టే వాటా కూడా అంతే తగ్గిపోతుంది, పింఛను లెక్కా తగ్గుతుంది. మీకు అలా జరగలేదు.

ఈ 14,033 మీకు ఇంకో రకంగా పనికొస్తుంది. జూలైలో మీ జీతం 29 రోజులకే లెక్కకట్టామని కంపెనీ స్వయంగా పీఎఫ్ ఆఫీసుకి చెప్పినట్టు ఇది. ఆ నెల పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా 1,684, పింఛను 1,169, కంపెనీ వాటా 515 పడి ఉంటాయి. ఒకసారి తగ్గించేశారనడానికి అది కంపెనీ పంపిన లెక్కే. ఆఫీసుకి వెళ్లేముందు ఆ పేజీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ప్రొఫెషనల్ ట్యాక్స్ సరిగానే ఉంది. మన రాష్ట్రంలో నెల జీతం 15,000 దాకా పన్ను లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. మీ జూలై 22,499 కూడా 20,000 దాటింది కాబట్టి 200 సరైనదే. ఇది శాతం కాదు కాబట్టి రోజులతో పాటు తగ్గదు. బస్సు 600 కూడా నెలకి ఇంతని మాట్లాడుకున్నదైతే రెండు రోజులకి తగ్గించరు. కన్వేయన్స్ ఇస్తూ బస్సుకి కోస్తున్నారేంటని అనిపించవచ్చు, కానీ అవి రెండు వేరు వేరు పద్దులు. మీ స్లిప్పులో ఈఎస్‌ఐ లేదు. అది ఉన్నవాళ్లు కోసిన మొత్తాన్ని 0.0075తో భాగించి చూసుకోండి, ఉద్యోగి వాటా 0.75 శాతం. పైసలు వస్తే పై రూపాయికి సవరిస్తారు.

అడ్వాన్సు దగ్గర మాత్రం ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా లెక్కపెడితే ఆరు నెలలు, ఆరు వేలు. జూలైతో అది తీరిపోయింది. ఆగస్టు స్లిప్పులో ఆ వెయ్యి ఉండకూడదు. అడ్వాన్సు కోతని ఆపమని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఏడో నెల కూడా కోస్తూ పోతుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువసార్లు కనిపించింది ఇదే, బయటపడటానికి ఎక్కువ కాలం పట్టిందీ ఇదే. అడ్వాన్సు తీసుకున్నప్పుడు రాసిన కాగితం మీ దగ్గరుంటే దాచండి.

అయితే మీకు జూలైలో రావాల్సింది ఇది. 22,499 లోంచి పీఎఫ్ 1,684, ట్యాక్స్ 200, బస్సు 600, అడ్వాన్సు 1,000, మొత్తం 3,484 పోతే 19,015. వచ్చింది 17,463. రావాల్సింది 1,552. జూన్ నెట్ 20,450 నుంచి చూసినా ఇదే తేలుతుంది. సెలవు కింద ఎడమవైపు 1,551 తగ్గింది, పీఎఫ్ కోత 116 తగ్గింది, అంటే 1,435 మాత్రమే పడిపోవాలి. 20,450 లోంచి 1,435 పోతే 19,015. రెండు దారుల్లో వచ్చినా ఒకే అంకె వచ్చింది కాబట్టి ఇక అనుమానం పెట్టుకోకండి. బ్యాంకు స్టేట్‌మెంటులో పడిన మొత్తం స్లిప్పులోని నెట్‌తో సరిపోయిందో లేదో కూడా చూసి, దాని మీద ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

అడిగేటప్పుడు నోటిమాటగా వద్దు. ‘జీతం తక్కువ పడింది’ అంటే మళ్లీ కంప్యూటర్ మాటే చెప్తారు. గడి పేరు, అంకె చెప్పి అడిగితే ఆ గడి తెరిచి చూడక తప్పదు. ఈమెయిల్ అయినా, తెల్లకాగితం మీద రాసి నకలు మీద సంతకం తీసుకున్నా సరే. ఇలా రాయొచ్చు:

‘అయ్యా, జూలై నెల నా స్లిప్పులో బేసిక్ నుంచి స్పెషల్ అలవెన్సు దాకా అన్ని పద్దులూ 29 రోజులకే లెక్కకట్టి ఉన్నాయి (మొత్తం 22,499). పీఎఫ్ కూడా ఆ తగ్గిన జీతం మీదే కోశారు. అవే రెండు రోజులకి కోతల్లో ఎల్‌ఓపీ అని 1,552 మళ్లీ కోశారు. ఈ 1,552 తిరిగి ఇవ్వగలరు. వేరే కారణం ఉంటే ఏ తేదీల సెలవుకో తెలియజేయగలరు. జూన్, జూలై స్లిప్పుల నకళ్లు జతచేశాను. సంక్రాంతి అడ్వాన్సు జూలైతో పూర్తయినందున ఆగస్టు నుంచి కోయవద్దని మనవి.’

ఇందులో ఎవరినీ నిందించలేదు. తేదీలు అడిగారు. ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు ఉండదు, ఉంటే మీకూ తెలుస్తుంది.

ఒప్పుకుని ఆగస్టులో డబ్బు వేస్తే, ఎలా వేశారో కూడా చూడండి. పీఎఫ్ జూలైలోనే సరైన జీతం మీద, 14,033 మీద పడిపోయింది. ఇప్పుడు వెనక్కిచ్చేది కొత్త జీతం కాదు, తప్పుగా కోసింది తిరిగి ఇవ్వడం. కాబట్టి దానిమీద మళ్లీ పీఎఫ్ కోయకూడదు. ‘అరియర్స్’ అని బేసిక్‌లో కలిపి వేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు 12 శాతం కోసేస్తాయి. ‘ఎల్‌ఓపీ రివర్సల్’ అనో, కోతల్లోనే మైనస్ గుర్తుతోనో వేయమని చెప్పండి. ఆగస్టులో మీరు సెలవు పెట్టకపోతే, అడ్వాన్సు ఆగిపోతే, నెట్ 21,450 రావాలి. దాని మీద ఈ 1,552 కలిపితే 23,002. బ్యాంకులో ఆ అంకె పడిందంటే రెండు పనులూ అయినట్టే.

ఆ డబ్బు రాకపోతే, రాసిన కాగితం నకలుతో మీ ప్రాంతంలోని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ని కలవండి. జీతం కోతల విషయం ఆ కార్యాలయం చూస్తుంది. పాస్‌బుక్‌లో డబ్బు పడకపోవడంలాంటి పీఎఫ్ సమస్య అయితే దానికి వేరే దారి, పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల సైట్‌లో పెట్టాలి. మీ విషయంలో అది అక్కర్లేదనుకుంటున్నాను.

మీరు ఇంతకుముందు కూడా జీతం లేని సెలవులు పెట్టి ఉంటారు కదా. ఆ నెలల స్లిప్పులు తీసి, కుడివైపు ఎల్‌ఓపీ ఉందా, ఎడమవైపు బేసిక్ 12,500 కన్నా తక్కువుందా అని చూడండి. రెండూ ఉన్న ప్రతి నెలా మీకు బాకీ ఉన్న నెలే. మీ ల్యాబ్‌లో పక్క బల్ల దగ్గర పనిచేసేవాళ్లకీ నాట్లకో, పెళ్లిళ్లకో సెలవు పెట్టిన నెలలు ఉంటాయి. వాళ్ల స్లిప్పులు కూడా అడిగి చూడండి. సాఫ్ట్‌వేర్‌లో ఒకరికి పడిన తప్పు ఆ ఒక్కరితో ఆగదు.